లిచీతో షుగర్ పడిపోతుందా? పండు ఒక్కదాన్నే అడిగితే సగం జవాబే వస్తుంది

మే నెల సగం గడిచేసరికి హనుమకొండలో తోపుడు బండ్ల మీద లిచీ గుత్తులు కనపడతాయి. వాటి వెనకే వాట్సాప్‌లో ఒక మెసేజ్ కూడా బయల్దేరుతుంది. ఖాళీ కడుపుతో లిచీ తింటే షుగర్ పడిపోయి పిల్లలు చనిపోతారనీ, బీహార్‌లో ఇప్పటికే వందల మంది పోయారనీ, వెంటనే పది మందికి పంపమనీ అందులో ఉంటుంది. మా ఇంటి పక్క పిన్ని ఆ మెసేజ్ చూసి, కొడుకు తెచ్చిన అరకిలో లిచీలను కవర్‌తో సహా చెత్తబండిలో వేసింది. మా మరిది మాత్రం, "అవన్నీ ఉత్తి పుకార్లు వదినా, పండు తింటే షుగర్ పెరగాలి గానీ పడుతదా?" అని నవ్వాడు.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌ని. రక్తంలో షుగర్ చూడడం నా రోజువారీ పని. ఇద్దరిదీ సగం సగం తప్పే అని నా వాదన. పచ్చి లిచీలు ఎక్కువగా తింటే షుగర్ ప్రమాదకరంగా పడిపోవడం నిజమే, దానికి గట్టి ఆధారం ఉంది. కాకపోతే అది ఎవరికి, ఏ వేళప్పుడు, ఏ పరిస్థితిలో జరుగుతుందన్నది ఆ మెసేజ్‌లో తలకిందులుగా రాసి ఉంటుంది. ప్రాణం తీసే ఖాళీ కడుపు పండు తినడానికి ముందుది కాదు. చాలావరకు అది పండు తిన్న తర్వాత వచ్చే రాత్రిది.

బీహార్‌లోని ముజఫర్‌పూర్ దేశంలో లిచీకి పెట్టింది పేరు. 1995 నుంచి ఆ చుట్టుపక్కల దాదాపు ఏటా మే, జూన్ నెలల్లో చిన్నపిల్లలకు ఒక జబ్బు వచ్చేది. రాత్రి బాగానే పడుకున్న పిల్ల తెల్లవారుజామున ఒక్కసారి గట్టిగా అరిచి ఫిట్స్‌లోకి వెళ్లేది, ఆ తర్వాత స్పృహ తప్పేది. అక్కడివాళ్లు దాన్ని చమ్కీ బుఖార్ అంటారు. వానలు పడగానే ఆగిపోయేది. మెదడువాపు వైరస్ అన్నారు, దోమలన్నారు, పురుగుమందులన్నారు, ఎండదెబ్బ అన్నారు. ఏళ్ల తరబడి వైరస్ కోసం వెతికినా దొరకలేదు.

2014లో మన జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కలిసి అక్కడ ఒక పద్ధతి ప్రకారం పరిశోధన చేశాయి. ఫలితాలు 2017లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఆ ఏడాది మే 26 నుంచి జులై 17 లోపు రెండు పెద్దాసుపత్రుల్లో 390 మంది పిల్లలు చేరారు. వాళ్లలో 122 మంది చనిపోయారు. చేరేటప్పుడు షుగర్ చూసిన 327 మందిలో 204 మందికి 70 లేదా అంతకన్నా తక్కువ ఉంది. తర్వాత జబ్బుపడిన 104 మందినీ, అదే వయసులో వేరే జబ్బులతో ఆసుపత్రికి వచ్చిన 104 మందినీ పక్కపక్కన పెట్టి, జబ్బుకు ముందు 24 గంటల్లో ఏం తిన్నారు, ఏం తినలేదు అని అడిగారు.

రెండు సంగతులు బయటపడ్డాయి. ఒకటి లిచీ తినడం. మరొకటి రాత్రి భోజనం లేకపోవడం. మామూలుగా వార్తల్లో మొదటిదే వస్తుంది. నాకు ఆసక్తి కలిగించింది ఆ రెండూ కలిసిన చోటు. రాత్రి అన్నం తిన్న పిల్లల్లో లిచీ వల్ల ప్రమాదం 3.6 రెట్లు ఉంటే, తినకుండా పడుకున్న పిల్లల్లో 7.8 రెట్లు ఉంది. రెట్లు అంటే ఇక్కడ గణాంకాల వాళ్లు వేసే ఆడ్స్ రేషియో, జబ్బుపడినవాళ్లు లిచీ తిని ఉండే అవకాశాన్ని జబ్బుపడనివాళ్లతో పోల్చే లెక్క. ఆ లెక్క వెనక కొంత అటూఇటూ ఉంటుంది, అందుకని దశాంశాలను పట్టుకుని కూర్చోనక్కర్లేదు. దిశ మాత్రం స్పష్టంగా ఉంది. అన్నం తిన్నా ప్రమాదం పూర్తిగా పోలేదు, తినకపోతే బాగా పెరిగింది.

ఇక పిల్లల మూత్రం పరీక్షిస్తే 73 నమూనాల్లో 48 నమూనాల్లో లిచీలో ఉండే విషపదార్థాల ఆనవాళ్లు దొరికాయి. పోల్చడానికి తీసుకున్న 15 మందిలో ఒక్కరికీ లేవు. 80 రక్త నమూనాల్లో 72 నమూనాలు చూస్తే, శరీరం కొవ్వును కాల్చుకునే పని మధ్యలో ఆగిపోయినట్టు తేలింది. ఇది నన్ను ఒప్పించిన సాక్ష్యం. లిచీ తిన్నారా అని తల్లిదండ్రులను అడిగితే గుర్తున్నంత వరకు చెప్తారు, కొందరు తడబడతారు. మూత్రానికి ఆ ఇబ్బంది లేదు.

ఆ విషపదార్థాలు రెండు. మొదటిది హైపోగ్లైసిన్-ఎ. రెండోది దానికి దగ్గరి చుట్టం, పొట్టిగా ఎంసీపీజీ అంటారు. ఇవి లిచీలో మాత్రమే ఉండేవి కావు. లిచీ కుటుంబం మనకు బాగా తెలిసినదే, మన కుంకుడు చెట్టుది కూడా అదే కుటుంబం. జమైకాలో అకీ అనే పండు కూడా ఈ కుటుంబానిదే. అకీ చెట్టు మీదే పండి దానంతటది విచ్చుకునేదాకా అక్కడ ఎవరూ తినరు. విచ్చుకోనిది తిన్నవాళ్లకు వాంతులు, ఫిట్స్, షుగర్ పడిపోవడం, ఒక్కోసారి చావు. దానికి జమైకా వాంతుల జబ్బు అని పేరే ఉంది. హైపోగ్లైసిన్‌ను మొదట 1950లలో ఆ అకీలోనే కనిపెట్టారు. లిచీ గింజలో ఎంసీపీజీ ఉందని 1960లలోనే తెలుసు. ముజఫర్‌పూర్ పిల్లల దగ్గరికి ఈ రెండు సంగతులూ కలిసి చేరడానికే ఇన్నేళ్లు పట్టింది.

మరిది అడిగిన ప్రశ్నకు ఇప్పుడు రావాలి. ఎందుకంటే అది తెలివితక్కువ ప్రశ్న కాదు. లిచీ తీపి పండు. వంద గ్రాముల గుజ్జులో దాదాపు 15 గ్రాముల చక్కెర ఉంటుంది. అలాంటప్పుడు షుగర్ ఎలా పడుతుంది?

ఒక పిల్లను ఊహించుకుని లెక్క వేద్దాం. వయసు ఐదేళ్లు, బరువు 12 కిలోలు. ఆ వయసుకు ఉండాల్సిన దానికన్నా బాగా తక్కువ. అమ్మానాన్నలు తోటలో లిచీ కోతకు వెళ్లారు. పిల్ల మధ్యాహ్నం నుంచి తోటలోనే ఉంది. కింద రాలినవి, సగం ఎర్రబడినవి, పూర్తిగా పచ్చివి ఏరుకుని ఓ ఇరవై తిన్నది. ఒక్కో పండులో పది గ్రాముల గుజ్జు అనుకుంటే మొత్తం 200 గ్రాములు, అందులో 30 గ్రాముల చక్కెర. పచ్చివాటిలో ఇంకొంచెం తక్కువే ఉండొచ్చు. కడుపు నిండింది. చీకటి పడ్డాక తల్లి అన్నానికి పిలిస్తే "ఆకలి లేదు" అని అట్లాగే నిద్రపోయింది. లేదా ఆ పూట ఇంట్లో వండలేదు. రెండూ జరుగుతాయి.

ఈ పిల్ల ఒళ్లు, అందులో ముఖ్యంగా మెదడు, నిద్రలో కూడా గంటకు మూడున్నర గ్రాముల వరకు గ్లూకోజ్ వాడుతుంది. ఆ వయసు పిల్లల మెదడు శరీరంతో పోలిస్తే పెద్దది, అందుకే పెద్దవాళ్ల కన్నా వాడకం చాలా ఎక్కువ. లిచీ నుంచి వచ్చిన చక్కెర సాయంత్రం లోపే రక్తంలోకి వచ్చింది, కొంత ఖర్చయింది, కొంత కాలేయంలో నిల్వకు వెళ్లింది. బాగా తిండి తినే ఇదే బరువు పిల్ల కాలేయంలో దాదాపు 20 గ్రాముల దాకా నిల్వ ఉండొచ్చు. బక్కచిక్కిన పిల్లకు అంత ఉండదు. రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి నాలుగు దాకా అవసరం 28 గ్రాములు. అంటే నిల్వ పూర్తిగా ఉన్న పిల్లకు కూడా సరిపోదు. ఈ పిల్లకైతే అర్ధరాత్రి దాటిన కాసేపటికే ఖాళీ.

మామూలుగా అయితే ఇది సమస్య కాదు. మనమంతా రాత్రంతా పస్తుండే నిద్రపోతాం. నిల్వ తగ్గుతుంటే కాలేయం కొవ్వును కాల్చడం మొదలుపెడుతుంది. ఆ కొవ్వు నుంచి వచ్చే శక్తితో కండరాల నుంచి వచ్చే పదార్థాలను గ్లూకోజ్‌గా మారుస్తుంది. కొవ్వులోంచే కీటోన్లు కూడా తయారవుతాయి, గ్లూకోజ్ తక్కువైనప్పుడు మెదడు వాటితో నెట్టుకొస్తుంది. మన ఇళ్లలో కరెంటు పోతే ఇన్వర్టర్, అది కూడా అయిపోతే కింద జనరేటర్ వేసినట్టు. లిచీలోని రెండు పదార్థాలు సరిగ్గా ఆ జనరేటర్ మీదే దెబ్బ కొడతాయి. హైపోగ్లైసిన్ కాలేయంలో మారి, కొవ్వును ముక్కలు చేసే ఎంజైములను ఒక మెట్టు దగ్గర ఆపేస్తుంది. ఎంసీపీజీ ఇంకో మెట్టు దగ్గర ఆపేస్తుంది. కొవ్వు ఉంటుంది, కాలదు. కొత్త గ్లూకోజ్ తయారవదు, కీటోన్లూ రావు. మెదడుకు రెండు దారులూ మూసుకుపోతాయి.

ఇక్కడ కీలకం వేళ. పండులోని చక్కెర కొద్ది గంటల్లో అయిపోతుంది. విషం పని మాత్రం రాత్రంతా నడుస్తుంది. మధ్యాహ్నం మూడింటికి ఆ పిల్ల వేలు గుచ్చి చూస్తే షుగర్ మామూలుగానో, ఇంకొంచెం ఎక్కువగానో ఉండొచ్చు. తెల్లవారుజామున నాలుగింటికి పిల్ల అరుపు విని తల్లి లేచేసరికి అదే పిల్లకు 30 ఉండొచ్చు. మరిదికి నేను చెప్పింది ఇదే. పండు షుగర్ పెంచుతుంది, ఆ తర్వాత పడినప్పుడు లేపే శక్తిని తీసేస్తుంది.

రాత్రి భోజనం ఎందుకంత తేడా చూపిస్తుందో కూడా ఈ లెక్కలోనే ఉంది. వంద గ్రాముల బియ్యం వండి పెడితే 75 గ్రాములకు పైగా పిండిపదార్థం కడుపులోకి వెళ్తుంది. అది ఒకేసారి కాకుండా మెల్లగా అరుగుతూ, కాలేయం నిల్వను నింపుతూ పోతుంది. ఐదేళ్ల పిల్ల అందులో సగం తిన్నా, తెల్లారేదాకా కొవ్వు జోలికి పెద్దగా పోనక్కర్లేదు. జనరేటర్ పాడైనా ఆ రాత్రి దాని అవసరం పడదు.

ఈ మధ్యలో ఎన్ని పండ్లు తింటే ప్రమాదమని అడుగుతారు. దానికి ఒక అంకె లేదు, ఉండదు కూడా. పరీక్షించిన లిచీ గుజ్జుల్లో గ్రాముకు హైపోగ్లైసిన్ 12 మైక్రోగ్రాముల నుంచి 152 దాకా ఉంది. అంటే ఒక పండుకూ ఇంకో పండుకూ పన్నెండు రెట్ల తేడా. పచ్చివాటిలో ఎక్కువ, పండినవాటిలో తక్కువ. మన 12 కిలోల పిల్ల తిన్న 200 గ్రాముల్లో అన్నీ తక్కువ రకమైతే రెండున్నర మిల్లీగ్రాములు, అన్నీ ఎక్కువ రకమైతే 30 మిల్లీగ్రాములు. ఆ 30 కూడా అరవై కిలోల పెద్దమనిషికి కిలోకు అర మిల్లీగ్రాము మాత్రమే, పిల్లకేమో కిలోకు రెండున్నర. పైగా పెద్దమనిషి కాలేయంలో నిల్వ ఎక్కువ, కిలో బరువుకు వాడకం తక్కువ. అందుకే ఒకే తోటలో కూలి చేసే తండ్రికి ఏమీ కాకుండా కూతురికి ప్రాణం మీదికి వస్తుంది.

దీన్ని ఒప్పుకోని వాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల మాటలను పక్కన పెట్టేయడం నాకు ఇష్టం లేదు. 2019 జూన్‌లో ముజఫర్‌పూర్ చుట్టుపక్కల మళ్లీ 150 మందికి పైగా పిల్లలు చనిపోయారు. అప్పుడు కొందరు డాక్టర్లు, లిచీ రైతులు, శాస్త్రవేత్తలు అడిగారు: పాలు తాగే పిల్లలకు కూడా వచ్చిందే, వాళ్లు లిచీ తిన్నారా? పట్టణాల్లో రోజూ లిచీ తినే పిల్లలకు రాదేం? ఎండలు మండిపోతున్నప్పుడే ఎందుకు ఎక్కువ? 2014 లెక్కలోనే మూత్రం చూసిన 73 మందిలో 25 మందికి ఆ ఆనవాళ్లు లేవు కదా?

చివరి ప్రశ్న నిజంగా గట్టిది. ఆ 25 మందిలో కొందరికి పదార్థం మూత్రంలోంచి అప్పటికే పోయి ఉండొచ్చు, కొందరికి అసలు జబ్బే వేరు కావచ్చు. తెల్లవారుజామున ఫిట్స్‌తో వచ్చిన ప్రతి పిల్లనూ ఒకే పేరుతో చేర్చుకుంటే అందులో రెండు మూడు జబ్బులు కలిసిపోవడం సహజం. వేడి కూడా తన వంతు చేస్తుందనడం నాకు నమ్మదగినదే. ఎండలో తిరిగి నీరసించిన పిల్ల సాయంత్రం అన్నం వద్దంటుంది, ఆ ఒక్క కారణమే చాలు. కానీ ఎండ, పేదరికం మాత్రమే కారణమనేవాళ్లకు నాదొక ప్రశ్న. మే నెలలో రామగుండం, కొత్తగూడెం వేడి ముజఫర్‌పూర్ కన్నా తక్కువేం కాదు. బరువు తక్కువ పిల్లలు మన అంగన్‌వాడీ రిజిస్టర్లలో కూడా ఉన్నారు. ఇక్కడ ఏటా మే, జూన్‌లలో ఇలాంటి తెల్లవారుజాము జబ్బు ఎందుకు రాదు? ఇక్కడ లిచీ తోటలు లేవు. ఆ చెట్టు పూతకు చల్లటి చలికాలం కావాలి. ఇది నిరూపణ కాదు, ఒక తేడా మాత్రమే. అయినా ఎండ వాదం దాన్ని దాటి పోలేదు.

పట్టణం పిల్లలకు రాదేం అన్న ప్రశ్న ఈ వాదాన్ని కొట్టేయడం లేదు, బలపరుస్తోంది. పట్టణంలో కొనుక్కుని తినే పిల్ల పండినవి తింటుంది, ఐదారు తింటుంది, రాత్రి అన్నం తింటుంది. మూడు కారణాల్లో ఒక్కటీ లేదు.

మన వైపు పిల్లలకు వచ్చిన జబ్బు వేరు. దాన్ని ఇక్కడ చెప్పకపోతే తికమక అవుతుంది. 2003లో, అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో, కరీంనగర్, వరంగల్ వైపు పిల్లలకు జ్వరం, ఫిట్స్, ఒకటి రెండు రోజుల్లోనే చావు. మొత్తం 329 మందికి వస్తే 183 మంది చనిపోయారు. ఆ ఏడాది ఇళ్లల్లో పిల్ల ఒళ్లు కాస్త వెచ్చబడితే చాలు పెద్దవాళ్లకు గుండె దడ. అది చాందీపుర వైరస్ అని తర్వాత తేలింది. ఇసుక ఈగ కుట్టడం వల్ల వస్తుంది. మట్టిగోడల పగుళ్లలో, పశువుల కొట్టాల దగ్గర అది ఉంటుంది. అప్పుడూ మెదడువాపు అన్నారు, ముజఫర్‌పూర్‌దీ మెదడువాపు అన్నారు. పిల్ల తల్లికి రెండూ ఒకలాగే కనపడతాయి. నా మటుకు నాకు తేడా తెలిపే పరికరం చాలా చిన్నది.

వైరస్ మెదడువాపులో మామూలుగా జ్వరం ముందు వస్తుంది, ఫిట్స్ తర్వాత. లిచీ జబ్బులో చాలామంది పిల్లలకు మొదట్లో జ్వరం ఉండదు. రాత్రి దాకా ఆడుకున్న పిల్ల తెల్లారుజామున నేరుగా ఫిట్స్‌తో లేస్తుంది. వెన్నునీరు తీసి చూస్తే తెల్లకణాలు పెరగవు. అయితే ఇవన్నీ తెలియడానికి గంటలు పడతాయి. గ్లూకోమీటర్‌కు ఐదు సెకన్లు. వేలు గుచ్చి, ఆ చుక్క పట్టీకి అంటిస్తే తెర మీద అంకె పడుతుంది. చాలా తక్కువైతే కొన్ని మీటర్లు అంకె కూడా చూపించవు, ఎల్-ఓ అని రెండక్షరాలే చూపిస్తాయి. అది చూసి మీటర్ పాడైందనుకుని పట్టీ మార్చడానికి పోయేవాళ్లను చూశాను. పాడైంది మీటర్ కాదు. ఆ రెండక్షరాలు వచ్చాయంటే ముందు గ్లూకోజ్, తర్వాతే మిగతా పరీక్షలు.

ఆసుపత్రిలో చేసే పని కూడా చూడడానికి చాలా చిన్నది. స్పృహ లేని పిల్లకు నరం ద్వారా 10 శాతం గ్లూకోజ్ కిలోకు 5 మిల్లీలీటర్లు ఇస్తారు. మన 12 కిలోల పిల్లకు అది 60 మిల్లీలీటర్లు, హోటల్ టీ గ్లాసు కన్నా తక్కువ. అందులో ఉండే గ్లూకోజ్ 6 గ్రాములు, అంటే చెంచాడు పైచిలుకు చక్కెర. దాంతో పని అయిపోదు. కొవ్వు దారి ఇంకా మూసుకునే ఉంది కాబట్టి ఆపితే షుగర్ మళ్లీ పడుతుంది. అందుకే డ్రిప్ నడుపుతూ గంట గంటకూ చూస్తుంటారు. కిక్కిరిసిన వార్డులో వదిలేసేది సరిగ్గా ఈ రెండో భాగాన్నే. ఇంకో పరిమితి కూడా ఉంది. షుగర్ సరిచేసినా కొందరు పిల్లలు దక్కరు. మెదడు అప్పటికే చాలాసేపు ఆకలితో ఉంది, కాలని కొవ్వు ముక్కలు ఒంట్లో పేరుకున్నాయి, మెదడు వాచింది. మొదటి గంటలో ఇచ్చిన గ్లూకోజూ నాలుగో గంటలో ఇచ్చిన గ్లూకోజూ ఒకటి కాదు. పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్లు ఆంబులెన్స్‌లో పంపేముందు ఊళ్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఆ వేలు గుచ్చి చూడాలని వాదించేది ఇందుకే. ఇంటి దగ్గరైతే, స్పృహలో ఉండి మింగగల పిల్లకు చక్కెర నీళ్లు తాగించొచ్చు. ఫిట్స్ వస్తున్న పిల్ల నోట్లో మాత్రం నీళ్లు, పాలు, ఉల్లిరసం, ఏదీ పోయకూడదు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయాలి.

ఇక మన బండి దగ్గరికి వద్దాం. మొన్న నేను కొంటుంటే గుత్తిలో నాలుగైదు ఆకుపచ్చవి కనపడ్డాయి. అడిగితే బండి అతను, "గవి గూడ రెండు రోజులైతే పండుతయ్ అక్కా, ఇంట్ల పెట్టుండ్రి" అన్నాడు. పాపం అతను మామిడిపండ్ల లెక్కలో చెప్పాడు. మామిడికాయను గడ్డిలో వేస్తే మాగుతుంది, సీతాఫలాన్ని బియ్యంలో పెడితే మెత్తబడుతుంది. లిచీ అట్లా కాదు. చెట్టు నుంచి కోసిన క్షణం నుంచి అది పండదు. ఇంట్లో పెడితే తొక్క గోధుమరంగుకు తిరుగుతుంది, అది ఎండిపోవడమే. లోపల పచ్చిది పచ్చిదే. గుర్తుపట్టడం కష్టం కాదు. పచ్చిదాని తొక్క మీద ముళ్లు మొనదేలి, దగ్గర దగ్గరగా ఉంటాయి, కాయ గట్టిగా ఉంటుంది. పండినదాని ముళ్లు చదునుగా సాగిపోయి వేలికి గుచ్చుకోవు, కొద్దిగా మెత్తగా ఒత్తుకుంటుంది. కొరికితే పుల్లగా, వగరుగా ఉన్నదాన్ని ఉమ్మేయడమే. గింజ నమలొద్దు, ఆ పదార్థం అందులో కూడా ఉంది. నిజానికి మూడేళ్ల లోపు పిల్లల విషయంలో నాకు హైపోగ్లైసిన్ కన్నా ఆ నున్నటి గింజ గొంతులో అడ్డం పడుతుందనే భయం ఎక్కువ.

అంటే మనకు ఇక్కడ ప్రమాదం సున్నా అనట్లేదు. నేను జాగ్రత్త చెప్పేది ఇద్దరికి. బరువు తక్కువగా ఉండి, జ్వరమో విరేచనాలో వచ్చి రెండు రోజులుగా సరిగ్గా తినని పిల్ల ఉంటే, ఆ వారం లిచీ పెట్టకండి. తినే పిల్లలకైతే అన్నం తిన్నాక ఐదారు పండినవి చాలు, లిచీతో కడుపు నింపుకుని రాత్రి అన్నం మానేయనివ్వకండి. రెండో వాళ్లు, పుట్టుకతోనే కొవ్వును కాల్చే ఎంజైము లోపం ఉందని డాక్టరు చెప్పిన పిల్లలు. వాళ్లకు మామూలు పస్తే ప్రమాదం, దాని మీద ఈ పండు అసలు వద్దు. మెసేజ్ చూసి అరకిలో పారబోసిన పిన్ని మనవడికి తొమ్మిదేళ్లు, ముప్పై కిలోలు, రాత్రి రెండుసార్లు అన్నం పెట్టించుకుంటాడు. వాడికి ఆ పండ్లు పెట్టొచ్చు. ఈ సంగతి ఆమెకు చెప్తే, "మరి నాకు?" అంది.

ఆ ప్రశ్న వెనక ఇంకోటుంది. పిన్నికి పదేళ్లుగా షుగర్ జబ్బు. లిచీ షుగర్ దించుతుందని వినగానే, పచ్చివి నాలుగు తింటే మాత్ర తప్పుతుందేమో అనే ఆలోచన వచ్చింది. ఇలా అడిగింది ఆమె ఒక్కతే కాదు, ల్యాబ్‌కు వచ్చేవాళ్లలో కూడా అడిగారు. లిచీ షుగర్‌కు మందు కాదు. అది షుగర్ జబ్బును తగ్గించదు, పడుతున్న షుగర్‌ను లేపే దారిని తెంపుతుంది. పండినదైతే తీపే, అందరు షుగర్ వాళ్లలాగే లెక్కపెట్టుకుని రెండో మూడో తినాలి. గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు మాత్ర వేసుకుని రాత్రి తిండి మానేస్తే, లిచీ లేకుండానే తెల్లారి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరుగుతాయి. మా దగ్గర తక్కువ షుగర్‌తో వచ్చేవాళ్లలో ఆ కథే ఎక్కువ. పిన్నిని ముందు ఆ సంగతే అడిగాను. ఏకాదశి రోజు మాత్ర వేసుకుని ఉపవాసం ఉంటున్నానని చెప్పింది. లిచీ సంగతి పక్కనపెట్టి, ఆ మాత్ర గురించి డాక్టర్‌ను అడగడానికి సోమవారం ఇద్దరం కలిసి వెళ్తున్నాం.